ఎక్స్‌రేలో రింగులు మిగిలితే తప్పు పెద్దపేగుదేనా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉంటాను. పెళ్లికి ముందు నుంచీ మలబద్ధకమే. ఐదారు రోజులకు ఒకసారి మోషన్ అవుతుంది, అదీ పావుగంట ముక్కితే. ఇసబ్‌గోల్, చూర్ణాలు, సిరప్‌లు అన్నీ అయ్యాయి. ఎక్స్‌రేలో కనబడే చిన్న రింగులున్న క్యాప్సూల్ మింగించి ఐదో రోజు ఎక్స్‌రే తీస్తే 24 రింగుల్లో 16 లోపలే ఉన్నాయి. పెద్దపేగు నెమ్మదిగా కదులుతోంది, మందులకు లొంగకపోతే పేగు తీసేయాల్సి రావచ్చు అన్నారు. ఇంకో డాక్టరుగారేమో ముందు బయటికి వెళ్లే దారి సరిగ్గా ఉందో లేదో చూపించుకోమన్నారు. ఈ రెండూ వేరువేరా? ఆపరేషన్ దాకా వెళ్లాలా?

సమాధానం:

వేరువేరే. రెండో డాక్టరుగారి మాట వినండి. మీ ఎక్స్‌రే చెబుతున్నది ఒక్కటే: ఐదు రోజుల్లో వెళ్లిపోవాల్సినవి వెళ్లలేదు. అవి పేగు తొయ్యకపోవడం వల్ల ఆగాయా, చివర దారి తెరుచుకోకపోవడం వల్ల ఆగాయా అన్నది ఆ ఎక్స్‌రే చెప్పలేదు. మలద్వారం దగ్గరి పరీక్షలు చేయకుండా, క్యాప్సూల్ పరీక్ష ఒక్కదాన్నే పట్టుకుని 'స్లో ట్రాన్సిట్', అంటే పెద్దపేగే నెమ్మదించింది అని ముద్ర వేయకూడదు. ఆ ముద్ర మీద ఆపరేషన్ మాట అసలు ఎత్తకూడదు. ముందు దారి చూడాలి. అందులో లోపం ఉంటే సరిచేయాలి. ఆ తర్వాత మళ్లీ క్యాప్సూల్ మింగించి చూడాలి. అప్పటికీ రింగులు మిగిలితేనే పేగు మీద అనుమానం నిలబడుతుంది.

నేను హైదరాబాద్‌లో జీర్ణకోశ వైద్యం చేస్తున్నాను. నా పనిలో పెద్దభాగం ఈ పేగు కదలికల పరీక్షలే. మీలాంటి ఎక్స్‌రే పట్టుకుని వచ్చేవాళ్లను తరచుగా చూస్తుంటాను. ఎక్కువమంది ఆడవాళ్లే. 'పేగు చచ్చుబడిపోయిందట' అంటూ భయపడుతూ వస్తారు. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

పెద్దపేగు రోజంతా ఒకే తీరున కదలదు. ఎక్కువ సేపు అక్కడక్కడ ముడుచుకుంటూ, వదులవుతూ, లోపలున్నదాన్ని కలుపుతూ, నీళ్లు పీల్చుకుంటూ ఉంటుంది. అలా కదిలినంత మాత్రాన సరుకు పెద్దగా ముందుకు పోదు. ముందుకు నెట్టేది వేరే రకం అల. అది బలంగా పుట్టి, పేగులో చాలా దూరం ప్రయాణించి, ఉన్నదంతా ఒక్కసారిగా మలాశయం వైపు తోస్తుంది. ఆరోగ్యవంతుల్లో ఇలాంటివి రోజుకు నాలుగైదుసార్లో, ఆరుసార్లో వస్తాయి. పొద్దున లేవగానే, భోజనం చేశాక వచ్చే అవకాశం ఎక్కువ. ఉదయం కాఫీ కడుపులో పడగానే లేవాలనిపించడం వెనక ఉన్నది ఇదే.

నిజమైన స్లో ట్రాన్సిట్‌లో ఈ పెద్ద అలలే తగ్గిపోతాయి. వచ్చినవి కూడా మధ్యలోనే ఆరిపోతాయి. తిన్న తర్వాత పేగు మేలుకోవాల్సింది మేలుకోదు. ఇలాంటివారికి ఆపరేషన్ చేసి తీసిన పేగులను సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు, పేగు లయను నడిపే కహాల్ కణాలు తక్కువగా ఉన్నట్టు చాలాసార్లు తేలింది. అంటే ఇది అలవాటు తప్పో, నీళ్లు తక్కువ తాగిన తప్పో కాదు. పేగు గోడలోని నరాలు, కణాల స్థాయిలో ఉన్న లోపం. సరుకు ఎక్కువ సేపు నిలవడం వల్ల నీరంతా ఇంకిపోయి మలం గట్టి ఉండలుగా మారుతుంది. ఈ రోగులు చెప్పే మాటల్లో నాకు ముఖ్యంగా పట్టుబడేది ఇది: 'రోజుల తరబడి అసలు వెళ్లాలనే అనిపించదండీ.'

రెండోదానిలో, అంటే దారి సమస్యలో, పేగు తన పని తాను చేస్తుంది, మలం మలాశయం దాకా వస్తుంది, అక్కడ ఆగుతుంది. మలాశయం, మలద్వారం కలిసేచోట ప్యూబోరెక్టాలిస్ అనే కండరం వెనక నుంచి ఉచ్చులా చుట్టుకుని ముందుకు లాగి పట్టుకుంటుంది. దానివల్ల ఆ దారి దాదాపు లంబకోణంలో వంగి ఉంటుంది. మనం కూర్చున్నా, నడిచినా, దగ్గినా ఏదీ జారకుండా ఉండేది ఈ వంపు వల్లే. ముక్కినప్పుడు ఈ కండరం వదులవ్వాలి, వంపు విప్పారాలి, మలద్వారపు కండరాలు సడలాలి. కొందరిలో సరిగ్గా దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. పైనుంచి పొట్టతో గట్టిగా తోస్తూ, కిందనుంచి అంతే గట్టిగా బిగిస్తారు. తెలిసి చేసేది కాదు. ఎవరికి వారు చూసుకోగలిగిందీ కాదు. కొందరిలో బిగింపు ఉండదు కానీ తోపుడుకే బలం ఉండదు. ఇంకొందరిలో, ముఖ్యంగా కాన్పులైన ఆడవాళ్లలో, మలాశయం ముందుగోడ యోని వైపు సంచిలా ఉబ్బి, ముక్కినప్పుడు మలం అందులోకి పోతుంది. వాళ్లు వేలితో అక్కడ నొక్కితే గాని బయటికి రాదు. డాక్టరుతో ఈ సంగతి చెప్పడానికి చాలామంది సిగ్గుపడతారు. దయచేసి సిగ్గుపడకండి. రోగ నిర్ధారణకు అది చాలా పనికొచ్చే సమాచారం.

మీరు అడిగిన 'ఈ రెండూ వేరువేరా' అన్నదానికి అసలు చిక్కు ఇక్కడుంది. రైల్వే గేటు పడితే గేటు దగ్గరి బండి ఒక్కటే ఆగదు, వెనకున్నవన్నీ ఆగుతాయి. దూరంగా ఆగిన బండిని చూసి దాని ఇంజను పాడైందంటే ఎలా? మలాశయం ఎప్పుడూ నిండే ఉంటే పైనున్న పేగు కూడా తన వేగం తగ్గించుకుంటుంది. ఇది కేవలం అడ్డం పడటం వల్ల కాదు, మలాశయం నిండి ఉందన్న కబురు నరాల ద్వారా పైకి వెళ్లడం వల్ల కూడా. అందుకే మలద్వారం దగ్గర బిగింపు సమస్య ఉన్నవారిలో సగం మందికి పైగా క్యాప్సూల్ పరీక్షలో నెమ్మదిగానే కనబడతారు. వాళ్ల పేగులో లోపం ఉండాలని లేదు.

రింగులు ఎక్కడ మిగిలాయో చూస్తే తేడా తెలియదా అని అడగవచ్చు. పుస్తకాల్లో అలాగే ఉంటుంది: పేగంతా చెల్లాచెదురుగా ఉంటే స్లో ట్రాన్సిట్, అన్నీ కింద మలాశయం దగ్గర గుమిగూడితే దారి సమస్య. సూచనగా తీసుకోవచ్చు, తీర్పుగా తీసుకోకూడదు. బిగింపు ఉన్నవారిలో కూడా రింగులు పైనంతా పరుచుకుని ఉండటం నేను చాలాసార్లు చూశాను.

ఇక మీ పరీక్ష సంగతి. 24 రింగులున్న క్యాప్సూల్ ఒకటి మింగించి, 120 గంటల తర్వాత ఎక్స్‌రే తీస్తారు. ఐదో వంతుకు మించి లోపల మిగిలితే నెమ్మదిగా ఉందని అర్థం. మీకు 16 మిగిలాయి కాబట్టి ఫలితం తేడాగానే ఉంది, అందులో వాదన లేదు. అయితే పరీక్ష జరిగిన రోజుల్లో మీరు ఏమేం వేసుకున్నారన్నది ముఖ్యం. విరేచనం మందులు ముందునుంచే ఆపి, ఐదు రోజులూ ఆపే ఉంచాలి. చాలా చూర్ణాల్లో సునాముఖి ఉంటుంది. అదీ విరేచనం మందే, 'ఆకే కదా' అని లెక్కలోకి రాకుండా పోకూడదు. ఇంకోవైపు పేగును నెమ్మదింపజేసే మందులు ఉంటాయి: నొప్పికి వాడే ట్రమడాల్, నిద్రకూ తలనొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, బీపీకి వాడే వెరాపమిల్, ఐరన్ బిళ్లలు. ఇవి వేసుకుంటూ చేసిన పరీక్ష మందు ప్రభావాన్ని కొలుస్తుంది గాని పేగును కాదు. వీటిని ఆపాలా, ఎలా ఆపాలి అన్నది రాసిన డాక్టరునే అడగండి, సొంతంగా ఆపవద్దు. థైరాయిడ్, కాల్షియం పరీక్షలు కూడా ఈ పాటికే అయ్యుండాలి. థైరాయిడ్ తక్కువైతే పేగు మందగించడం చాలా మామూలు, అది దిద్దుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

ఇక్కడే ఒక పక్క మాట. ఐదు రోజుల లెక్క పడమటి దేశాలవారి పేగుల వేగానికి కట్టింది. మనవాళ్ల తిండిలో పీచు ఎక్కువ, పేగు వేగమూ ఎక్కువ. అందుకని లక్నోలో మనకు సరిపడేలా ఒక పద్ధతి తయారుచేశారు. ఇరవై రింగులున్న క్యాప్సూళ్లను 12 గంటలకొకటి చొప్పున మూడు మింగించి, మొదటిది మింగిన 36 గంటలకు, 60 గంటలకు ఎక్స్‌రేలు తీస్తారు. కొన్నిచోట్ల ఇదే చేస్తారు. కాబట్టి రెండు ఆసుపత్రుల రిపోర్టులను పోల్చుకునేటప్పుడు 'ఎన్ని మిగిలాయి' అన్నది ఒక్కటే చూడకండి. ఎన్ని మింగారు, ఎప్పుడు తీశారు అన్నవి పక్కన లేకుండా ఆ అంకెకు అర్థం లేదు.

లక్షణాలను బట్టి తేడా చెప్పగలమా? కొంతవరకే. ఎన్ని రోజులకొకసారి అవుతుందన్నది దాదాపు ఏమీ చెప్పదు. మలం రూపం అంతకంటే మెరుగైన సూచన. ఎప్పుడూ గట్టి చిన్న ఉండలుగానే వస్తుంటే సరుకు పేగులో చాలా సేపు నిలిచిందని అర్థం. మెత్తగా ఉన్నా ముక్కాల్సి వస్తుంటే, నీళ్లలాంటి మలాన్ని బయటికి పంపడానికి కూడా కష్టపడుతుంటే, నా చూపు నేరుగా మలద్వారం వైపు పోతుంది. ఎనిమా పెట్టించుకుంటే ఆ నీరు కూడా సరిగ్గా రాదని కొందరు చెబుతారు. అది పేగు మందగించినవాళ్లు చెప్పే మాట కాదు. పావుగంట ముక్కడం, వెళ్లొచ్చాక ఇంకా మిగిలి ఉందనిపించడం ఆ వైపే వేలు చూపిస్తాయి. మీరు రాసిన పావుగంట ముక్కడంలో ఆ జాడ ఉంది. అయినా రెండు సమస్యల్లోనూ కడుపుబ్బరం ఉంటుంది, రెండింటిలోనూ ముక్కుతారు. అందుకే పరీక్ష చేయకుండా నేనూ చెప్పలేను.

ఆ పరీక్షల్లో మొదటిదానికి పైసా ఖర్చు లేదు. తొడుగు వేసుకున్న వేలితో మలద్వారం లోపల చూడటం. మన దగ్గర దీన్ని ఎందుకో చాలాసార్లు వదిలేస్తారు. రోగి వద్దంటారు, డాక్టరుకు తీరిక ఉండదు, కొలనోస్కోపీ చేశాం కదా చాలు అనుకుంటారు. కొలనోస్కోపీలో పుండ్లు, గడ్డలు కనబడతాయి. కండరం బిగిసే తీరు కనబడదు. వేలు పెట్టి ఉండగా 'మోషన్‌కు ఎలా ముక్కుతారో అలా ముక్కండి' అని అడగాలి. పొట్ట మీద ఇంకో చెయ్యి ఉంచాలి. సరిగ్గా జరిగితే పొట్ట కండరం బిగిసి, వేలి చుట్టూ వదులై, కింది భాగం కాస్త కిందికి దిగుతుంది. బిగింపు సమస్య ఉంటే వేలు పట్టుకున్నట్టు బిగుసుకుంటుంది, వెనకవైపు ఆ కండరం తాడులా ముందుకు లాగడం తెలుస్తుంది. చేయి తిరిగినవారు చూస్తే బిగింపు ఉన్న నలుగురిలో ముగ్గురిని ఇక్కడే పట్టేయవచ్చు.

రెండోది బుడగ పరీక్ష. సన్నని గొట్టం చివర ఉన్న చిన్న బుడగను మలాశయంలో పెట్టి, 50 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు నింపుతారు. ఒంటరిగా కమోడ్ మీద కూర్చుని దాన్ని బయటికి పంపాలి. మామూలుగా నిమిషంలోపే వచ్చేస్తుంది. కొన్ని ల్యాబుల్లో రెండు నిమిషాల దాకా ఆగుతారు. మూడోది మానోమెట్రీ. పీడనం కొలిచే గొట్టంతో, ముక్కినప్పుడు మలాశయంలో పీడనం పెరుగుతోందా, మలద్వారంలో తగ్గుతోందా చూస్తారు. ఈ ఒక్కదాన్నీ నమ్మకూడదు. ఎడమవైపు తిరిగి పడుకుని, కొత్తవాళ్ల ముందు, గొట్టం పెట్టుకుని ముక్కమంటే ఏ జబ్బూ లేనివాళ్లు కూడా బిగిస్తారు. అందువల్ల కనీసం రెండు పరీక్షలు ఒకే మాట చెప్పాలి. ఆ రెండూ వేరువేరుగా చెబితే ఎమ్మారై డెఫెకోగ్రఫీ చేస్తాం. మలాశయంలో జెల్లు నింపి, ముక్కుతుండగా బొమ్మలు తీసేది. ముందుగోడ ఉబ్బు, మలాశయం లోపలికి మడతపడటం అందులో తెలుస్తాయి. అయితే చిన్న ఉబ్బు ఏ ఇబ్బందీ లేని ఆడవాళ్లలోనూ ఉంటుంది. రిపోర్టులో రాశారని దానికి కోత అక్కర్లేదు.

ఇప్పుడు ఒక కేసు చెబుతాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. ముప్ఫై దాటిన టీచరు, దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి వచ్చారు. కాలేజీ రోజుల నుంచి వారానికొకసారి మోషన్. ఇద్దరు పిల్లలు, మామూలు కాన్పులే. థైరాయిడ్ బాగుంది, కొలనోస్కోపీ బాగుంది. ఐదో రోజు ఎక్స్‌రేలో 24 రింగుల్లో 17 మిగిలాయి. కుడివైపు ఆరు, ఎడమవైపు ఐదు, కింద ఆరు. అంటే పుస్తకం ప్రకారం చెల్లాచెదురు, అచ్చమైన స్లో ట్రాన్సిట్. పెద్దపేగు తీయించుకోవాలా అని అడగడానికే ఆమె వచ్చారు, భర్త ఆపరేషన్ ఖర్చు కూడా కనుక్కుని ఉన్నారు.

వేలితో చూస్తూ ముక్కమన్నాను. భుజాలు పైకి లేచాయి, ఊపిరి బిగబట్టారు, ముఖం ఎర్రబడింది. నా వేలి చుట్టూ మాత్రం బిగుసుకుంది. బుడగ పరీక్షలో మూడు నిమిషాలైనా బుడగ రాలేదు. మానోమెట్రీలో ముక్కినప్పుడు మలాశయంలో పీడనం బాగానే పెరిగింది, అంటే తోసే బలం ఉంది. మలద్వారంలో మాత్రం 70 ఉన్నది తగ్గాల్సింది పోయి 95కు చేరింది. మూడూ ఒకే మాట చెప్పాయి. ఆపరేషన్ ఆలోచన పక్కన పెట్టి బయోఫీడ్‌బ్యాక్‌కు పంపాం.

బయోఫీడ్‌బ్యాక్ అంటే కరెంటు పెట్టడమో మందు ఎక్కించడమో కాదు, నేర్పడం. మలద్వారంలో సన్నని గొట్టం ఉంటుంది, ఎదురుగా తెర మీద రెండు గీతలు నడుస్తుంటాయి. ఒకటి తోపుడుది, ఇంకోటి బిగింపుది. ముక్కుతుంటే మొదటిది లేవాలి, రెండోది పడాలి. ఆ టీచరుకు మొదటిరోజు రెండూ కలిసి లేచాయి. తెర చూసి 'నేనా బిగిస్తున్నది!' అని ఆశ్చర్యపోయారు. ముందు ఊపిరి సంగతి నేర్పుతారు: బిగబట్టకుండా, పొట్టను ముందుకు నింపి, నెమ్మదిగా కిందికి నెట్టడం. పూర్తి బలంతో కాదు, పదికి ఐదారు పాళ్లతో. ఎక్కువ బలం పెడితేనే కింద బిగుస్తుంది. ఆ తర్వాత బుడగను బయటికి పంపడం సాధన చేయిస్తారు, మొదట్లో థెరపిస్టు గొట్టాన్ని మెల్లగా లాగి సాయం చేస్తారు. ఒక్కో విడత ముప్పావుగంట నుంచి గంట. వారానికో రెండు వారాలకో ఒకటి చొప్పున ఆరు విడతల దాకా పడుతుంది. ఇంట్లో రోజుకు రెండుసార్లు, తిన్న అరగంటకు, కాళ్ల కింద చిన్న పీట వేసుకుని ఐదు నిమిషాలు కూర్చోవాలి. అప్పటికీ రాకపోతే లేచిపోవాలి. అపార్టుమెంట్లలో అన్నీ కమోడ్లే కాబట్టి పీట మాట గట్టిగా చెబుతాను. మోకాళ్లు తుంటి కంటే ఎత్తులో ఉంటే ఇందాక చెప్పిన వంపు విప్పారుతుంది. అలాగని ఫోను పట్టుకుని అరగంట కూర్చుంటే పీట ఏం చేస్తుంది?

ఆరు విడతలు అయ్యేసరికి ఆమె బుడగను అరనిమిషంలోపు పంపగలిగారు. మూడు నెలలకు మళ్లీ అదే క్యాప్సూల్, అదే ఐదో రోజు ఎక్స్‌రే. ఈసారి మిగిలినవి మూడు. పేగు అదే, మార్చింది చివరి గేటును మాత్రమే. మలాన్ని మెత్తబరిచే పొడి మందు రోజూ రాత్రి కొన్నాళ్లు కొనసాగించారు, తర్వాత తగ్గించారు. అందరికీ ఇంత చక్కగా జరగదు. సుమారు పదిమందిలో ఏడుగురికి బయోఫీడ్‌బ్యాక్ పనిచేస్తుంది, మిగతావారికి చేయదు. మధ్యలో మానేసేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

ఈ తేడా ఎంత ముఖ్యమో 2005లో ఇటలీ నుంచి వచ్చిన ఒక అధ్యయనం బాగా చూపించింది. అందరిదీ నెమ్మది పేగే అని ముందు తేలినవారికి ఒకే రకమైన బయోఫీడ్‌బ్యాక్ ఇచ్చారు. వారిలో బిగింపు సమస్య ఉన్నవారిలో 71 శాతం మంది ఆరు నెలల తర్వాత తృప్తిగా ఉన్నారు. బిగింపు లేకుండా కేవలం పేగు మందగించినవారిలో 8 శాతమే. ఒకే ఎక్స్‌రే, ఒకే చికిత్స, ఫలితం ఇంత దూరం.

మరి నిజమైన స్లో ట్రాన్సిట్ ఎలా ఉంటుంది? అలాంటివారు తక్కువే అయినా ఉన్నారు. నా దగ్గరికి వచ్చిన ఒక ఇంజనీరింగ్ అమ్మాయి ఎనిమిది, పది రోజులు దాటినా వెళ్లాలనే అనిపించదని చెప్పింది. వేలి పరీక్షలో అన్నీ చక్కగా వదులయ్యాయి, బుడగ అరనిమిషం కాకముందే వచ్చేసింది. మానోమెట్రీ బాగుంది. రింగులు 20 మిగిలాయి. ఇక్కడ బయోఫీడ్‌బ్యాక్‌తో పనిలేదు. మందులే దారి.

మందుల దగ్గర చాలామంది అపోహ పీచు గురించి. 'ఇంకో రెండు స్పూన్ల ఇసబ్‌గోల్ వేసుకో, ఆకుకూరలు తిను' అంటారు. మామూలు మలబద్ధకానికి అది మంచి మాటే. కదలని పేగులోకి మరింత సరుకు నింపితే ఉబ్బరం, నొప్పి పెరుగుతాయి. 1997 నాటి ఒక జర్మన్ అధ్యయనంలో పేగు నెమ్మదించినవారిలో ఐదుగురిలో నలుగురికి పీచు పనిచేయలేదు, దారి సమస్య ఉన్నవారిలోనూ ఎక్కువమందికి చేయలేదు. ఏ లోపమూ లేనివారిలో అత్యధికులకు పనిచేసింది. కాబట్టి ఇసబ్‌గోల్ సరిగ్గా వాడినా ఉబ్బరం పెరిగిందే తప్ప ఫలితం లేదంటే, మోతాదు పెంచడం మానేసి కారణం వెతకాలి.

ఆ అమ్మాయికి మొదట పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి ఇచ్చాం, రోజుకు 17 గ్రాములు గ్లాసు నీళ్లలో. ఇది పేగులోకి నీటిని పట్టి ఉంచుతుంది, ఏళ్ల తరబడి వాడినా అలవాటు పడేది కాదు. అది ఒక్కటే చాలలేదు. తర్వాత ప్రూకలోప్రైడ్ 2 మిల్లీగ్రాములు రోజుకొకటి. ఇందాక చెప్పిన ఆ పెద్ద అలలను రప్పించే మందు ఇది. మొదటి రెండు మూడు రోజులు తలనొప్పి, వికారం, నీళ్ల విరేచనాలు రావచ్చు. చాలామంది అక్కడే భయపడి ఆపేస్తారు, ముందుగా చెబితే ఆపరు. పెద్దవయసువారికి, కిడ్నీ సరిగ్గా లేనివారికి సగం మోతాదు. గర్భం కోసం చూస్తున్నవారు వాడకూడదు, మీ వయసులో ఈ ముక్క డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మూడు రోజులు దాటినా మోషన్ కాకపోతే వేసుకోవడానికి బైసకోడిల్ కూడా ఇచ్చాం. ఇలాంటి మందులు పేగు నరాలను చంపేస్తాయని మన ఇళ్లలో బలంగా నమ్ముతారు. సరైన మోతాదులో వాడితే అలా జరుగుతుందనడానికి ఆధారం లేదు. సునాముఖి ఏళ్లపాటు వాడినవారి పేగు లోపల నల్లబడి కనిపిస్తుంది, కొలనోస్కోపీ రిపోర్టులో రాస్తారు కూడా. అది రంగే తప్ప హాని కాదు. ఆ అమ్మాయికి ఇప్పుడు రెండు మూడు రోజులకొకసారి అవుతుంది, మందులతోనే. మందు ఆపితే మళ్లీ మొదటికి వస్తుంది. ఆ సంగతి ఆమెకు మొదట్లోనే చెప్పాం.

రెండూ కలిసి ఉండేవారూ ఉంటారు. వారికి ముందు బయోఫీడ్‌బ్యాక్, ఆ తర్వాత మిగిలిన నెమ్మదికి మందులు. ఈ వరుస తిరగబడితే మూసుకున్న దారి మీదికి మందులతో తోయడమే అవుతుంది. కడుపులో మెలిపెట్టే నొప్పి తప్ప ఫలితం ఉండదు.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, 45 దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకం, ఇంట్లో పెద్దపేగు క్యాన్సర్ ఉన్నవారు ఉండటం వేరే దారి. అప్పుడు ముందు కొలనోస్కోపీ. పైన రాసినవన్నీ దాని తర్వాతే.

చివరిగా ఆపరేషన్ గురించి. పెద్దపేగు దాదాపు మొత్తం తీసేసి, చిన్నపేగు చివరను మలాశయానికి కలుపుతారు. దీనికి అర్హత అంత తేలిగ్గా రాదు. నెమ్మదితనం ఒకటికి రెండుసార్లు పరీక్షల్లో రుజువు కావాలి. మలద్వారం పరీక్షలు బాగుండాలి. బాగాలేకపోతే సరిచేసిన తర్వాత కూడా నెమ్మదిగానే ఉండాలి. మందులన్నీ పూర్తి మోతాదులో, తగినన్ని నెలలు వాడి చూసి ఉండాలి. జీర్ణాశయం, చిన్నపేగు కూడా నెమ్మదిగా ఉంటే ఫలితం బాగుండదు కాబట్టి వాటినీ చూసుకోవాలి. ఇవన్నీ దాటినవారిలో మోషన్ సంఖ్య బాగా పెరుగుతుంది. కొందరికి రోజుకు నాలుగైదు నీళ్ల విరేచనాలవుతాయి, తర్వాతి ఏళ్లలో పేగులు అతుక్కుని అడ్డం పడటం అరుదేమీ కాదు. బిగింపు ఉండగా ఇదే ఆపరేషన్ చేస్తే పలచని మలం కూడా అదే మూసిన తలుపు దగ్గర ఆగుతుంది. ఇంకొకటి, సంతకం పెట్టే ముందు మిమ్మల్ని మీరే తప్పక ప్రశ్నించుకోండి: మిమ్మల్ని ఎక్కువ బాధ పెడుతున్నది మోషన్ కాకపోవడమా, కడుపుబ్బరం, నొప్పా? ఆపరేషన్ మొదటిదాన్ని మారుస్తుంది. ఉబ్బరం, నొప్పి చాలామందిలో అలాగే మిగిలిపోతాయి.